అమ్మ పోయినా ఏడుపు రాలేదు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 44. ప్రభుత్వ స్కూల్లో టీచర్ని. మా అమ్మకి పక్షవాతం వచ్చి మూడున్నరేళ్లు మంచంలోనే ఉంది. రైల్స్ ట్యూబ్, యూరిన్ బ్యాగ్, రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, అన్నీ నేనే చూసుకున్నాను. అన్నయ్య డాలస్‌లో ఉంటాడు, డబ్బు పంపేవాడు. ఐదు నెలల క్రితం అమ్మ పోయింది. నాకు ఏడుపు రాలేదు. అందరూ ఏడుస్తుంటే నేను కాఫీలు ఎన్ని కావాలో లెక్కపెట్టాను. పోయిన నెల మా అమ్మాయికి కోరుకున్న కాలేజీలో సీటొచ్చింది. పరిగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుంది. 'చాలా సంతోషం' అన్నాను కానీ లోపల ఏమీ లేదు. తను నా మొహం చూసి 'నీకు సంతోషంగా లేదా అమ్మా?' అంది. బాధ లేదు, కోపం లేదు, ఆకలి కూడా గడియారం చూసి తెలుసుకుంటున్నాను. రాత్రి రెండింటికి మాత్రం ఇప్పటికీ మెలకువ వచ్చేస్తోంది. నిద్ర కోసమని మూడు నెలల క్రితం ఒక డాక్టరు ఎస్సిటాలోప్రామ్ 10 ఎంజి రాశారు, రోజూ వేసుకుంటున్నాను. నా మనసు చచ్చిపోయిందా? అసలు అమ్మ మీద నాకు ప్రేమే లేదా?

జవాబు:

ప్రేమ లేని మనిషి మూడున్నరేళ్లు అర్ధరాత్రి లేచి ఇంకొకరిని పక్కకి తిప్పదమ్మా. మీ రెండో ప్రశ్నకి జవాబు అంతే. మొదటిదానికే కాస్త ఎక్కువ చెప్పాలి.

మఠం వేసుక్కూర్చుని గంటసేపు పూలు కడితే కాలు తిమ్మిరెక్కుతుంది. గిల్లినా తెలియదు. అలాగని కాలు చచ్చిపోయిందని ఎవరమూ అనుకోం, కదలకుండా ఒకే తీరులో కూర్చున్నాం కాబట్టి అలా అయిందంటాం. మీ మనసుకి పట్టింది అలాంటి తిమ్మిరే. మీరు కూర్చున్నది గంట కాదు, మూడున్నరేళ్లు.

ఆ మూడున్నరేళ్లలో ఒక్క రాత్రిని గుర్తు చేసుకోండి. పదింటికి ట్యూబులో ఆహారం పట్టడం, పన్నెండింటికి పక్కకి తిప్పడం, రెండింటికి మళ్లీ తిప్పడం, నాలుగింటికి యూరిన్ బ్యాగ్ ఖాళీ చెయ్యడం, ఆరింటికి స్కూలుకి తయారవడం. నిద్రలో కూడా ఒక చెవి అమ్మ గది వైపే ఉండేది. దగ్గు వినిపిస్తే చాలు, గుండె దడదడలాడేది, ఒంట్లోకి అడ్రినలిన్, కార్టిసాల్ దూకేవి. పాము కనిపిస్తే మనం పరిగెత్తడానికి ఒంట్లో ఉన్న ఏర్పాటు అది. నాలుగు నిమిషాలకో, నాలుగు రోజులకో సరిపోతుంది. ఏళ్ల తరబడి నడిపితే ఒళ్లు అరిగిపోతుంది. ఆ అరుగుదలకి అమెరికన్ శాస్త్రవేత్త బ్రూస్ మెక్‌యూవెన్ తన సహచరుడితో కలిసి 1993లో 'అలోస్టాటిక్ లోడ్' అని పేరు పెట్టాడు. పేరు గుర్తుండక్కర్లేదు. ఒళ్లు తన మీద పడిన పనికి లోపల్నించి అద్దె కడుతూ పోతుందని గుర్తుంచుకుంటే చాలు.

అలాంటి రోజుల్లో దేన్నయినా గట్టిగా ఫీలవడం పనికి అడ్డం. ట్యూబు మూసుకుపోయిందనుకోండి. సిరంజితో గోరువెచ్చటి నీళ్లు మెల్లగా పంపాలి. 'ఈ నోటితోనే కదా నాకు లాలిపాటలు పాడింది' అని అప్పుడు తలుచుకుంటే చెయ్యి వణుకుతుంది. అందుకని మనసు రేడియో సౌండు తగ్గించినట్టు అన్నిటినీ తగ్గించేస్తుంది. మీరు కావాలని చేసిన పని కాదది. చిక్కెక్కడంటే, బాధకి ఒక మీట, సంతోషానికి ఇంకో మీట ఉండవు. బాధ తగ్గించిన మీటే కూతురి సీటు వార్తనీ తగ్గించేసింది. ఆకలి, దప్పిక కూడా ఒంటి లోపల్నించి వచ్చే కబుర్లే కాబట్టి అవీ అందులోనే తగ్గాయి.

అమ్మ పోయిన రోజున కాఫీలు లెక్కపెట్టారంటే మీరు ఆ రోజూ డ్యూటీలోనే ఉన్నారన్నమాట. మన ఊళ్లలో పెద్దవాళ్లు 'ఒక్కసారి ఏడు తల్లీ, లేకపోతే గుండెలో ఉండిపోతుంది' అని భుజం తట్టి మరీ ఏడిపించబోతారు. ఉద్దేశం మంచిదే. కానీ డ్యూటీలో ఉన్న మనిషికి ఏడుపు రాదు. రాకపోతే 'రాతిగుండె' అనే పేరు ఒకటి అదనం.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం రాత్రి రెండింటి మెలకువ. మనసు తిమ్మిరెక్కింది కానీ కాపలా దిగలేదని దాని అర్థం. మీరు రాయని రెండు విషయాలు అడుగుతాను. ఫోన్లో రెండింటి అలారం తీసేశారా? ఎయిర్ బెడ్ ఇంకా ఆ గదిలోనే ఉందా? నా దగ్గరికి వచ్చేవాళ్లని ఇలా అడిగితే, అలారం ఆపారు కానీ చెరపలేదని చాలామంది చెబుతారు. మంచం పక్కన సక్షన్ మిషను, మిగిలిపోయిన డైపర్ల ప్యాకెట్లు, సగం వాడిన ఆయింట్‌మెంటు అలాగే ఉంటాయి. రోజూ ఆ గుమ్మం దాటి వెళ్తుంటే ఒంటికి డ్యూటీ అయిపోయిందని ఎవరు చెప్తారు? అందుకే మొదటి పని అక్కడే. ఒకేసారి గదంతా ఖాళీ చెయ్యకండి. కొందరు పదకొండో రోజునే మొత్తం పంపించేసి, తర్వాత ఆ ఖాళీ గదిలోకి అడుగు పెట్టలేకపోతారు. వారానికి ఒక వస్తువు చాలు. ముందు అలారం చెరపండి. తర్వాత డైపర్లు, వాడని సిరంజిలు ఎవరికైనా పనికొస్తే ఇవ్వండి. పరుపు, దాని పంపు ఆఖర్న. ఆ పంపు చేసే గుయ్యిమనే చప్పుడు మీ ఒంటికి బాగా తెలుసు, అది ఇంట్లోంచి వెళ్లే రోజున మీవారినో అమ్మాయినో పక్కన ఉండమనండి.

రాత్రి మెలకువ వస్తే టైము చూడొద్దు. పాదాలు రెండూ నేలకి ఆనించి కూర్చోండి. నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు వదలండి. నిమిషానికి ఆరు ఊపిర్లు వస్తాయి. బయటికి వదిలే ఊపిరి పొడుగైతే గుండె వేగం తగ్గుతుంది. అలా ఐదు నిమిషాలు చెయ్యండి. ఇరవై నిమిషాలు గడిచినా నిద్ర రానట్టు అనిపిస్తే పక్క మీద దొర్లకుండా లేచి, మసక వెలుతురులో బట్టలు మడతపెట్టడం లాంటి చప్పటి పనేదైనా చేసి, కళ్లు మూతలు పడుతుంటేనే మళ్లీ పడుకోండి. ఫోన్ మాత్రం పట్టుకోవద్దు.

మిగతా సంగతుల్లోకి వెళ్లేముందు మీ మాత్ర గురించి మాట్లాడుకోవాలి. ఎస్సిటాలోప్రామ్ మంచి మందే. డిప్రెషన్, ఆందోళన ఉన్నవాళ్లకి నేనూ రాస్తాను. కానీ ఆ జాతి మందులు వాడే కొందరిలో బాధతో పాటు సంతోషం కూడా మొద్దుబారుతుంది. 'ఏడవాలనుంది కానీ నీళ్లు రావు', 'దేనికీ అటూ ఇటూ కదలను' అంటారు. చాలామందిలో ఇది డోసుని బట్టి ఉంటుంది. మరి మీది మందు వల్లా, ముందు నించీ ఉన్నదా? తేదీలు చూడండి. ఏడుపు రాకపోవడం ఐదు నెలల నాటిది, మాత్ర మొదలై మూడు నెలలే. కాబట్టి మందు దీన్ని పుట్టించలేదు. అయితే వదలకుండా పట్టి ఉంచుతోందేమో అన్న అనుమానం మిగిలే ఉంటుంది. మాత్ర మొదలయ్యాక మొద్దుతనం ఇంకా పెరిగిందా అని ఒకసారి ఆలోచించి, రాసిన డాక్టరు దగ్గరికే వెళ్లి ఈ మాట ఇలాగే చెప్పండి. డోసు తగ్గించడమో, మందు మార్చడమో ఆయన చూస్తారు. మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, తలలో కరెంటు షాకు కొట్టినట్టుండటం, విపరీతమైన చిరాకు రావచ్చు. వాటిని చూసి జబ్బు ముదిరిందనుకుని హడలిపోతారు.

అదే రోజు థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్, బీ12 పరీక్షలు కూడా చేయించండి. మీ వయసులో, అందులోనూ మూడేళ్లు నిలబడి తిన్నవాళ్లలో, థైరాయిడ్ పనో, హిమోగ్లోబినో, బీ12నో తగ్గి మనిషిని మందంగా చెయ్యడం నేను చాలాసార్లు చూశాను. థైరాయిడ్ మందగించిన మనిషికి ఎన్ని మాటలు చెప్పినా ఏం లాభం?

ఇంకొక్కటి. ఇది ఉత్త తిమ్మిరేనా, డిప్రెషనా అన్నది ఉత్తరం చదివి తేల్చే విషయం కాదు. రెండూ అన్నాచెల్లెళ్లలా కలిసి తిరుగుతాయి. పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల పట్టిక ఉంది, గత రెండు వారాల గురించి అడుగుతుంది. మొత్తం 27 మార్కుల్లో పది, ఆపైన వస్తే డాక్టరు సరిగ్గా చూడాలి. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన గురించి. దానికి 'లేదు' కాక ఇంకేదైనా జవాబు వస్తే మొత్తం ఎంతొచ్చినా ఆ రోజే మాట్లాడాలి. కొందరు ఏమీ తెలియడం లేదని, తెలిసేదాకా తమని తాము గిల్లుకోవడం, కోసుకోవడం చేస్తారు. అది కూడా అదే రోజు చెప్పాల్సిన సంగతి. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు పలుకుతారు. 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, ఇరవై నాలుగ్గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ఎర్రగడ్డ అనగానే నవ్వుకునే అలవాటు మనకి ఇంకా పోలేదు కాబట్టి, ఫోన్ చెయ్యడం తేలికని చెబుతున్నాను.

ఇప్పుడు అసలు పని. మళ్లీ ఫీలవడం ఎలా?

పెద్ద పెద్ద భావాల వెంట పడకండి. 'నేను అమ్మాయి విషయంలో సంతోషపడాలి' అని లోపల వెతుక్కుంటే ఖాళీయే కనపడుతుంది, ఆ ఖాళీని చూసి భయం వేస్తుంది. వెతకాల్సింది చర్మం దగ్గర, ముక్కు దగ్గర, నాలుక దగ్గర. ఎందుకంటే భావం అనేది గాల్లోంచి ఊడిపడదు. గొంతు బిగుసుకోవడం, ఛాతీలో వెచ్చదనం, కడుపులో కదలిక, వీటి మీద కూర్చుని ఉంటుంది. కిందవి తెలియనప్పుడు పైది ఎలా తెలుస్తుంది?

రోజుకి రెండుసార్లు, ఐదేసి నిమిషాలు, ఒక్కో ఇంద్రియంతో మొదలుపెట్టండి. స్కూల్నించి రాగానే కుండలో నీళ్లతో మొహం కడుక్కుని, తుడుచుకోకుండా ఆ చల్లదనం ఎక్కడెక్కడ ఎంతసేపు నిలుస్తోందో చూడండి. పోపులో కరివేపాకు వేసినప్పుడు ముందు చప్పుడొస్తుంది, తర్వాత వాసన వస్తుంది. ఆ రెండింటి మధ్య తేడా పట్టుకోండి. తెల్లారి డాబా మీద చెప్పుల్లేకుండా నాలుగడుగులు నడవండి. 'నాకెలా ఉంది?' అని అడుక్కోవద్దు, దానికి మీ దగ్గర ఇప్పుడు జవాబు లేదు. 'ఎక్కడ ఉంది? చల్లగానా, బరువుగానా, బిగుతుగానా?' అని అడుక్కోండి. దీనికి మొద్దుబారిన మనిషి కూడా జవాబు చెప్పగలదు.

దీనికి తోడు ఒక చిన్న నోట్‌బుక్ పెట్టండి. పిల్లల పరీక్షల నోట్‌బుక్కే చాలు. రోజూ ఒక చిన్న పని చేసేముందు, అది ఎంత బాగుంటుందనుకుంటున్నారో సున్నా నించి పది దాకా ఒక అంకె వెయ్యండి. చేశాక నిజంగా ఎంత బాగుందో పక్కన ఇంకో అంకె. ఈ లెక్క వెనక ఒక సంగతుంది. ఒక పని చెయ్యాలనిపించడం, ఆ పని చేసినప్పుడు బాగుండటం, ఇవి మెదడులో వేరువేరు ఏర్పాట్లు. దీర్ఘకాలం టెన్షన్ పడ్డవాళ్లలో మొదటిది ముందు పడిపోతుంది, రెండోది ఎంతో కొంత మిగిలి ఉంటుంది. 'ఏం చేసినా ఏమీ అనిపించదులే' అని చెయ్యడం మానేస్తారు కాబట్టి ఆ మిగిలినది ఉందన్న సంగతే తెలియదు. మనసొచ్చాక చేద్దామని ఆగకుండా, ముందు చేస్తే వెనక మనసొస్తుందని నడిచే ఈ పద్ధతికి 1970లలో పీటర్ లెవిన్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దారి వేశాడు. డిప్రెషన్ వైద్యంలో ఇప్పటికీ నమ్మకంగా వాడుతున్నాం.

ఒకావిడ నోట్‌బుక్ సంగతి చెబుతాను, ఊరూ వివరాలూ కాస్త మార్చి. ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. భర్తని నాలుగేళ్లు వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి తీసుకెళ్లింది. వెళ్లిన ప్రతిసారీ నాలుగ్గంటలు బయట బెంచీ మీద కూర్చోవాలి. ఆయన పోయాక మీలాగే కన్నీరు లేదు. మొదటి రోజు 'రసం పోపు వాసన' అని రాసి, ముందు 0, తర్వాత 0 వేసింది. రెండో రోజూ, మూడో రోజూ సున్నాలే. నాలుగో రోజు తెల్లవారుజామున డాబా మీద చల్లటి గచ్చు, ముందు 0, తర్వాత 1. తొమ్మిదో రోజు పక్కింటి రెండేళ్ల పిల్లాడు ఒళ్లో నిద్రపోయాడు. ముందు 1, తర్వాత 3. పక్కన 'బరువు తెలిసింది' అని రాసింది. నాకు ఆ నోట్‌బుక్ మొత్తంలో నచ్చిన మాట అదే.

పన్నెండో రోజు ఆవిడ భయపడి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. చేతులు బిగుతుగా ఉన్నాయని ఒకామె జాకెట్టు తిరిగి తెస్తే, పాతికేళ్లుగా ఎవరితోనూ గొంతెత్తని మనిషి అరిచేసిందట. చేతులు వణికాయట. 'నాకు పిచ్చెక్కుతోందా డాక్టరమ్మా?' అంది. తిమ్మిరెక్కిన కాలు చాపినప్పుడు ముందు ఏం వస్తుంది? హాయి కాదు కదా. చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు ఉంటుంది, అడుగు వేస్తే మండుతుంది. మనసూ అంతే. ముందుగా తిరిగొచ్చేవి చిరాకు, కోపం, సంబంధం లేని చోట ఏడుపు, విపరీతమైన అలసట. సంతోషం ఆ వరసలో ఎక్కడో వెనకుంటుంది. ఇది తెలియకే చాలామంది సరిగ్గా ఇక్కడ అన్నీ మానేసి మళ్లీ మొద్దుతనంలోకి వెళ్లిపోతారు.

మూడో వారంలో ఆవిడకి అటక మీద ఒక స్టీలు డబ్బా దొరికింది. డయాలసిస్ రోజుల్లో పులిహోర పెట్టుకెళ్లిన డబ్బా. మూత గట్టిగా పట్టేసింది, గరిటె కాడతో ఎత్తింది. లోపల ఏమీ లేదు, పసుపు మరక తప్ప. వంటింట్లో కింద కూర్చుని ఇరవై నిమిషాలు ఏడ్చింది. నోట్‌బుక్‌లో అంకెలేమీ వెయ్యలేదు, 'డబ్బా' అని మాత్రం రాసింది. మూడు నెలలు తిరిగేసరికి చాలా పనుల పక్కన నాలుగులూ ఐదులూ కనిపించాయి. కొన్ని సున్నాగానే ఉన్నాయి. భర్త ఫొటో ముందు దీపం పెట్టడం అందులో ఒకటి, దానికి ఇంకా చాలాకాలం పట్టింది.

ఏడుపు వచ్చినప్పుడు మొత్తం ఒకేసారి వదిలేయాలని లేదు. ఐదు, పది నిమిషాలు ఉండనిచ్చి, లేచి మొహం కడుక్కుని, గిన్నెలు తోమడం లాంటి పనిలో చెయ్యి పెట్టండి. మళ్లీ వస్తే మళ్లీ ఉండనివ్వండి. కొంచెం లోపలికి, కొంచెం బయటికి వస్తూ పోవడం మునిగిపోకుండా కాపాడుతుంది.

మీ అన్నయ్య గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశారు. డబ్బు పంపేవాడు, అంతే. మూడున్నరేళ్లలో ఎన్నిసార్లు వచ్చాడో, కర్మకి వచ్చి ఎన్ని రోజులున్నాడో రాయలేదు. నేను ఊహించి నిందలు వెయ్యను. కానీ ఇన్నేళ్లలో నేను గమనించింది ఒకటుంది. మొద్దుబారిన మనసు కింద చాలాసార్లు పైకి అనలేని మాట ఒకటి దాక్కుని ఉంటుంది. డబ్బు పంపిన కొడుకు మంచివాడయ్యాడు, మలం ఎత్తిన కూతురు చెయ్యాల్సిందే చేసిందన్న కోపం కావచ్చు. అంతకన్నా కష్టమైనది ఇంకొకటి: అమ్మ పోయిన క్షణంలో 'హమ్మయ్య' అనిపించడం. అది అమ్మ చావుని కోరుకోవడం కాదు. మూడున్నరేళ్ల నిద్రలేమి అన్న మాట అది. మా నాన్నగారు ఐసీయూలో నలభై రోజులుండి పోయినప్పుడు నాకూ అనిపించింది, ఆ మాట ఇంకొకరితో అనడానికి నాకు ఆరేళ్లు పట్టింది. నేను సైకియాట్రిస్టునై ఉండి కూడా. ఆ హమ్మయ్యని లోపలికి తొక్కేస్తే దానితోపాటు మిగతావన్నీ లోపలికే పోతాయి.

దీనికి రాయడం పనికొస్తుంది, కానీ ఇప్పుడే కాదు. నోట్‌బుక్‌లో ఒకట్లూ రెండ్లూ కనిపించడం మొదలయ్యాక, ఓ నాలుగు వారాల తర్వాత. వరసగా నాలుగు రోజులు, రోజుకి పదిహేను నిమిషాలు, అక్షరదోషాలు చూసుకోకుండా, ఎవరికీ చూపించకుండా, అన్నయ్యకి చెప్పాలనుకున్నదీ అమ్మకి చెప్పలేకపోయినదీ రాయండి. ఉత్తరంలాగే రాయండి, పంపొద్దు. ఈ నాలుగు రోజుల పద్ధతిని జేమ్స్ పెన్నెబేకర్ 1986లో పరీక్షించి చూశాడు, అదీ మీ అన్నయ్యగారి డాలస్‌లోనే. రాసిన రోజు సాయంత్రం మనసు బరువుగా ఉంటుంది, అది మామూలే. రెండు రోజులైనా ఆ బరువు దిగకపోతే ఆపేసి, ఎవరైనా సైకాలజిస్టు ఎదురుగా కూర్చుని మాట్లాడండి.

మీకు ఈపాటికే సలహాలు వచ్చి ఉంటాయి. కాశీ వెళ్లిరమ్మంటారు. వెళ్లాలనుంటే వెళ్లండి, కానీ మొద్దుబారిన మనిషి గంగ ఒడ్డున కూర్చున్నా మొద్దుగానే ఉంటుంది, పైగా 'ఇంత దూరం వచ్చినా ఏమీ అనిపించలేదే' అన్న దిగులు మూట కట్టుకుని వస్తుంది. ఏడుపు సినిమాలు పెట్టుకుని ఏడవడానికి ప్రయత్నించడమూ అంతే. పది రోజుల మౌన ధ్యాన శిబిరాల గురించి మాత్రం కాస్త గట్టిగా చెబుతాను, ఇప్పుడు వద్దు. గంటల తరబడి కళ్లు మూసుకుని కూర్చుంటే మీ స్థితిలో ఉన్న కొందరికి ప్రపంచం గాజు పలకకి అవతల ఉన్నట్టు అనిపించడం ఇంకా పెరుగుతుంది. మీకు కావాల్సింది కళ్లు తెరిచి చేసే పని. రాత్రి పూట ఫోన్లో రీల్స్ తోసుకుంటూ గంటలు గడిపితే కూడా కాలు ఇంకా మఠంలోనే ఉన్నట్టు లెక్క.

మీవారికి ఈ ఒక్క పేరా చూపించండి. అయ్యా, 'ఇప్పుడెలా ఉంది?' అని రోజూ అడగకండి. ఆ ప్రశ్న ఆవిడకి పరీక్షలా ఉంటుంది, జవాబు రాదు, ఫెయిలయ్యానని కుంగిపోతుంది. సాయంత్రం పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తియ్యండి. నడకకి వెళ్దాం పదమని చెప్పులు తీసుకొచ్చి పెట్టండి. ఒకరోజు మీ మీద అరిస్తే ఎదురు అరవకండి. రాత్రి రెండింటికి ఆవిడ లేచినప్పుడు మీకూ మెలకువ వస్తే, చెయ్యి పట్టుకోండి చాలు.

ఎంతకాలం అంటారా? శ్రద్ధగా చేస్తే నాలుగు నించి ఆరు వారాల్లో నోట్‌బుక్‌లో ఏదో ఒక కదలిక కనపడాలి, అది కోపమైనా సరే. ఆరు వారాలకీ అన్నీ సున్నాలే ఉంటే నోట్‌బుక్ పట్టుకుని సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లండి. ఆ సున్నాలు చూస్తే ఆయనకి సగం కథ తెలిసిపోతుంది. ఈలోగా తిండి, నిద్ర బాగా పడిపోయినా, స్కూలుకి వెళ్లలేకపోతున్నా ఆరు వారాలు ఆగొద్దు.

చివరిగా మీ అమ్మాయి. పద్దెనిమిదేళ్ల పిల్ల, మూడున్నరేళ్లు అమ్మ అమ్మమ్మ గదిలోనే ఉంటే తన చదువు తను చదువుకున్న పిల్ల. 'నీకు సంతోషంగా లేదా?' అని అడిగిందంటే 'నా మీద ఇష్టం లేదా?' అని అడిగినట్టే. ఆ పిల్ల దగ్గర నటించొద్దు, మొహం చూసి పట్టేసిందని మీరే రాశారు. ఈ ఆదివారం తలకి నూనె రాస్తూ, ఎదురెదురుగా కాకుండా వెనక కూర్చుని ఉంటారు కాబట్టి మాట తేలిగ్గా వస్తుంది, ఇలా చెప్పండి: 'నీకు సీటు రావడం నాకు చాలా ముఖ్యం. అమ్మమ్మని చూసుకుని చూసుకుని నాకు తిమ్మిరి పట్టినట్టయింది, ఏదీ తెలియట్లేదు. డాక్టరుకి చూపించుకుంటున్నాను. తెలిసిన రోజున ముందు నీకే చెప్తాను.' తర్వాత మాట్లాడక్కర్లేదు. నూనె వెచ్చగా ఉందో చల్లగా ఉందో, జుట్టు వేళ్లకి ఎలా తగులుతోందో చూసుకుంటూ రాయండి. నోట్‌బుక్‌లో ముందు ఒక అంకె, తర్వాత ఒక అంకె వెయ్యండి.